నాలుగు వందల మీటర్ల దూరంలో సూపర్‌మార్కెట్ రాబోతోంది: మా హార్డ్‌వేర్ దుకాణం స్వాట్ విశ్లేషణలో లోపం ఎక్కడుంది?

రెండోతరం

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు పెట్టిన హార్డ్‌వేర్ దుకాణాన్ని ఆరేళ్లుగా నేను చూసుకుంటున్నాను. సుమారు నాలుగున్నర వేల రకాల సరుకు, ఐదుగురు పనివాళ్లు, వెనుక ఒక చిన్న గిడ్డంగి ఉన్నాయి. మరో మూడు నెలల్లో మా దుకాణానికి నాలుగు వందల మీటర్ల దూరంలో ఒక సూపర్‌మార్కెట్ తెరుస్తున్నారు. అందులో ఒక వరుస మొత్తం ఇంటి మరమ్మతు సామానుకే కేటాయించినట్లు బయట అంటించిన ప్రకటనలో ఉంది.

నేను కూర్చుని స్వాట్ విశ్లేషణ రాశాను. బలాలు: ముప్పై ఏళ్ల మంచిపేరు, అనుభవమున్న పనివాళ్లు, అరువు సౌకర్యం, అన్ని రకాల సరుకు. బలహీనతలు: ఇరుకైన స్థలం, వాహనాలు నిలపడానికి చోటు లేకపోవడం, సగం సరుకు మాత్రమే కంప్యూటర్లోకి ఎక్కడం. అవకాశాలు: ఆన్‌లైన్ అమ్మకం, కొత్తగా కడుతున్న ఇళ్లు. ముప్పులు: సూపర్‌మార్కెట్, ధరల పోటీ. రాసిన తరువాత ఆ కాగితాన్ని ఎంతసేపు చూసినా, రేపు కొట్టు తెరిచాక దేన్ని మార్చాలో, దేన్ని అలాగే ఉంచాలో నాకు తోచలేదు. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

చౌకబేరం

ఇందులో పెద్ద విశ్లేషణకు అవసరమేమీ కనిపించడం లేదు. వాళ్ల దగ్గరా మీ దగ్గరా దొరికే బల్బులు, బ్యాటరీలు, టేపులు, జిగురు, తాళాలు, బకెట్లు వంటి వాటి మీద ఇప్పుడే పది శాతం ధర తగ్గించండి. వాళ్లు తెరిచిన తరువాత తగ్గిస్తే భయపడి తగ్గించారని అందరికీ తెలిసిపోతుంది. ముందే తగ్గిస్తే అదే మీ ధర అనుకుంటారు. ఒకసారి కాలు అటు అలవాటైన కొనుగోలుదారుడు మళ్లీ వెనక్కి రావడం చాలా కష్టం.

పాతలెక్క

రెండోతరం గారూ, మీ కాగితం మీద దుకాణం పేరు కొట్టేసి మందుల దుకాణం పేరు రాసినా ఒక్క వాక్యం మార్చనక్కరలేదు. లోపమంతా అక్కడే ఉంది. 1997లో టెర్రీ హిల్, రాయ్ వెస్ట్‌బ్రూక్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో ఇరవై సంస్థలు చేసుకున్న స్వాట్ విశ్లేషణలను పరిశీలించారు. అన్నిటా పొడవైన జాబితాలే ఉన్నాయి. ఏది ముఖ్యమో ఏది కాదో చెప్పలేదు, రాసినదాన్ని ఎవరూ సరిచూసుకోలేదు. ఆ తరువాత తీసుకున్న నిర్ణయాల్లో ఆ జాబితాను ఒక్క సంస్థ కూడా వాడుకోలేదు. మీకు కలిగిన అనుభవం కొత్తదేమీ కాదు.

మంచిపేరు అనేది దానంతటది బలం కాదు. ఎదురుగా వస్తున్న ఈ పోటీదారుడు చేయలేని పనిని మీరు చేస్తుంటే, దాని వల్ల కొనేవాడు మీ గడప తొక్కుతుంటే, అదే బలం. కనుక ముందుగా మంచి చెడ్డలు రాయకండి. సరుకును ఐదారు గుంపులుగా విడగొట్టి, ప్రతి గుంపు మీ అమ్మకంలో ఎంత భాగమో, దాని మీద మీకు మిగిలే స్థూల లాభం ఎంత శాతమో ఇక్కడ పెట్టండి. అసలు మొత్తాలు చెప్పనవసరం లేదు, నెల అమ్మకాన్ని వంద భాగాలనుకుంటే చాలు. సూపర్‌మార్కెట్ వరుసలో ఉండబోయే సరుకును మాత్రం విడిగా ఒక గుంపుగా చూపండి.

ఫైలుసిద్ధం

బ్యాంకు రుణం కోసమైతే స్వాట్ విశ్లేషణ ఒకే పేజీలో నాలుగు గళ్లుగా ఉంటే బాగుంటుంది. బలహీనతలు మరీ ఎక్కువగా రాస్తే అధికారి సందేహిస్తారు, రెండు రాసి వాటికి పరిష్కారం కూడా పక్కనే చూపితే మంచిది. కావాలంటే నమూనా పంపగలను.

రెండోతరం

ఫైలుసిద్ధం గారూ, ధన్యవాదాలు, కానీ నాకిది రుణం కోసం కాదు, నా సొంత నిర్ణయం కోసమే.

పాతలెక్క గారూ, మూడు రాత్రులు కొనుగోలు బిల్లులు ముందేసుకుని లెక్క తీశాను. గత ఏడాది సగటున నెల అమ్మకం వంద భాగాలైతే ఇలా ఉంది. పైపులు, వాటి అతుకులు, కుళాయిలు 27 భాగాలు, లాభం 20 శాతం. రంగులు 20 భాగాలు, లాభం 10 శాతం. సిమెంటు, ఇనుము 15 భాగాలు, లాభం 4 శాతం మాత్రమే. విడిగా అమ్మే మరలు, మేకులు, బోల్టులు, బందులు 12 భాగాలు, లాభం 40 శాతం. తీగలు, స్విచ్చులు 8 భాగాలు, లాభం 15 శాతం. సూపర్‌మార్కెట్లోనూ దొరికే చిల్లర సామాను 18 భాగాలు, లాభం 30 శాతం. అద్దె, జీతాలు, విద్యుత్తు, వడ్డీ కలిపి నెలకు 15 భాగాలు ఖర్చవుతుంది.

పాతలెక్క

చాలా మంచి పని చేశారు. ఇప్పుడు లెక్క చూద్దాం. మీ స్థూల లాభం మొత్తం 19.4 భాగాలు. అందులో చిల్లర సామాను వాటా 5.4. అంటే అమ్మకంలో 18 శాతమే అయిన ఆ గుంపు, లాభంలో సుమారు 28 శాతాన్ని మోస్తోంది. 15 భాగాల ఖర్చు తీసేస్తే మీకు చివరికి మిగిలేది 4.4 భాగాలు. ఆ చిల్లర అమ్మకంలో మూడో వంతు, అంటే 6 భాగాలు, సూపర్‌మార్కెట్‌కు వెళ్లిపోయిందనుకోండి. మీ మొత్తం అమ్మకం ఆరు శాతమే తగ్గినట్లు కనిపిస్తుంది. కానీ లాభంలో 1.8 భాగాలు పోతాయి, అద్దె జీతాలు తగ్గవు, కనుక మిగులు 4.4 నుంచి 2.6కు పడిపోతుంది. ఆరు శాతం అమ్మకం పోతే నలభై శాతం మిగులు పోయినట్లు. ముప్పు అనే గడిలో మీరు రాయవలసింది ఈ వాక్యం. ‘సూపర్‌మార్కెట్’ అన్న ఒక్క మాట ఏమీ చెప్పదు.

ఇప్పుడు చౌకబేరం గారి సలహాను ఇదే లెక్కలో పెట్టి చూడండి. పద్దెనిమిది భాగాల అమ్మకం మీద పది శాతం తగ్గిస్తే మొదటి నెలలోనే 1.8 భాగాల లాభం పోతుంది. అంటే మూడో వంతు అమ్మకం వెళ్లిపోతే కలిగే నష్టాన్ని, ఒక్కరూ వెళ్లకముందే, మన చేతులతో మనమే తెచ్చుకున్నట్లవుతుంది. అంత చేసినా వాళ్లు అంతకన్నా తగ్గించరన్న హామీ లేదు. ఆ వరుసలో నష్టం వచ్చినా ఇతర వరుసల మీద పూడ్చుకోగల వీలు వాళ్లకు ఉంది, మీకు లేదు.

చౌకబేరం

లెక్క ఒప్పుకుంటాను, కానీ దుకాణం లెక్క మీద మాత్రమే నడవదు. బల్బు అక్కడ చవకగా చూసినవాడు, మీ దగ్గర కుళాయి ధర కూడా ఎక్కువే ఉంటుందని అనుకుంటాడు. ఆ అనుమానం మీ పట్టికలో ఏ గుంపులో ఉంది?

పాతలెక్క

ఆ మాట నిజం, నా పట్టికలో అది లేదు. అయితే కొనేవారికి ధర గుర్తుండే వస్తువులు చాలా తక్కువ. ఫలానా బల్బు, బ్యాటరీల జత, చేతికి దొరికే జిగురు గొట్టం, ఇలా పదో పదిహేనో ఉంటాయి. వాటిని మాత్రమే సూపర్‌మార్కెట్ ధరకు సమానంగా ఉంచితే, పద్దెనిమిది భాగాల్లో ఏ మూడు నాలుగు భాగాల మీదనో ఆ కోత పడుతుంది. తాళం గొళ్లెం ధరో, చీపురు కర్ర ధరో రెండు చోట్లా పోల్చి చూసేవారిని నేను పెద్దగా చూడలేదు. మీ సలహాలో సగం ఈ రూపంలో పనికొస్తుంది.

వెలుగుకొట్టు

మాది విద్యుత్ సామాను దుకాణం. కొన్నేళ్ల క్రితం మా వీధి చివర ఒక పెద్ద అంగడి వచ్చినప్పుడు నేను కూడా బల్బుల ధర గురించే నిద్ర పోగొట్టుకున్నాను. బల్బుల్లో నష్టం వచ్చిన మాట నిజమే కానీ అది నేను భయపడినంత కాదు. ఊహించని దెబ్బలు రెండు తగిలాయి. మా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉన్న కుర్రాడిని వాళ్లు కొంచెం ఎక్కువ జీతానికి, వారానికి ఒక సెలవుకు తీసుకుపోయారు. ఏ సామాను ఏ అరలో ఉందో అతనికే తెలుసు, రెండు నెలలు నేను అరలు వెతుక్కుంటూ గడిపాను. రెండోది, వాళ్ల సరుకు లారీలు పొద్దున్నే మా ముందు వరకూ నిలబడేవి. మా దగ్గర తీగ చుట్టలు ఎక్కించుకునే కాంట్రాక్టర్లు సరిగ్గా అదే సమయానికి వచ్చేవారు. బండి నిలపడానికి చోటు దొరకక ఇద్దరు వేరే దుకాణానికి మారారు. ఇలాంటివి స్వాట్ కాగితంలో ఎవరూ రాయరు.

నీటిగొట్టం

నేను దుకాణదారుణ్ని కాదు, ప్లంబర్‌ని. కొనేవాడి వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి.

పోయిన వారం ఒక ఇంటాయన పాత కుళాయి మర ఉన్న వైపు స్కేలు పెట్టి కొలిచి, ఇరవై ఒక్క మిల్లీమీటర్లు ఉందని, అంటే ముప్పావు అంగుళానికి దగ్గరని నిర్ణయించుకుని, సూపర్‌మార్కెట్లో ముప్పావు అంగుళం అతుకు ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. అది పట్టలేదు. అర అంగుళం పైపు మర బయటి కొలత దాదాపు 21 మిల్లీమీటర్లు ఉంటుందని ఆయనకు ఎవరు చెబుతారు? ఆ అర అంగుళమన్నది పాతకాలపు పైపు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చిన పేరు, స్కేలుకు దొరకదు. నేను వెళ్లే దుకాణంలో పెద్దాయన ఆ కుళాయిని చేతిలోకి తీసుకుని, బల్లమీద ఉన్న నమూనా నట్టులో రెండు చుట్లు తిప్పి చూసి, అర అంగుళం అతుకు ఇచ్చి పంపించాడు. అర నిమిషం కూడా పట్టలేదు. రెండోతరం గారూ, ‘అనుభవమున్న పనివాళ్లు’ అని మీరు రాసింది ఇదే అయితే ఇలాగే రాయండి.

అయితే ఒక ఫిర్యాదు కూడా ఉంది. ఆ పెద్దాయన భోజనానికి వెళ్లిన సమయంలో నేను వెళితే, ఉన్న సామానునే లేదని చెబుతారు. మాకు ఒక్క మోచేతి అతుకు దొరకకపోతే ఆ పూట పనంతా ఆగిపోతుంది. అందుకే ధర రెండు మూడు శాతం ఎక్కువైనా, అన్నీ ఒకేచోట దొరికే దుకాణానికే వెళతాం. నెలకు రెండుసార్లు లేదనిపించుకుంటే మూడోసారి అటువైపు వెళ్లం.

రెండోతరం

నీటిగొట్టం గారు రాసినది చదివి నవ్వు వచ్చింది, కొంచెం సిగ్గు కూడా వేసింది. మా దగ్గర కూడా అలాంటి పెద్దాయన ఒక్కరే ఉన్నారు. ఆయనకు అరవై దాటాయి. అంటే ఆయనను నేను బలం గడిలో రాయాలా, బలహీనత గడిలో రాయాలా?

మరొక విషయం. ఎవరెవరు ఏమేమి కలిపి కొంటున్నారో చూద్దామని, రెండు వారాల్లో వేర్వేరు రోజుల నుంచి 200 బిల్లులు తీసి చూశాను. 71 బిల్లుల్లో సూపర్‌మార్కెట్లో దొరికే చిల్లర సామాను ఉంది. వాటిలో 27 బిల్లుల్లో అది పైపులతోనో, రంగులతోనో, మరలతోనో కలిసి ఉంది. మిగిలిన 44 బిల్లుల్లో చిల్లర సామాను ఒక్కటే ఉంది. విలువ ప్రకారం చూస్తే, ఆ 18 భాగాల్లో 10 భాగాలు చిల్లర మాత్రమే ఉన్న బిల్లులవి, 8 భాగాలు కలిసి ఉన్న బిల్లులవి. ఆ 44లో 29 బిల్లులు సాయంత్రం ఆరు తరువాతవి. ఇది నేను ఇంతకు ముందు ఎన్నడూ గమనించలేదు.

పాతలెక్క

ఈ 200 బిల్లులు మీ నాలుగు గళ్లకంటే విలువైనవి. పైపు కోసం వచ్చినవాడు టేపు కూడా ఇక్కడే తీసుకుంటాడు, టేపు కోసం విడిగా నాలుగు వందల మీటర్లు నడవడు. కాబట్టి నిజంగా ప్రమాదంలో ఉన్నది 18 భాగాలు కాదు, 10 భాగాలు. అందులో సగం పోయినా 5 భాగాల అమ్మకం, 1.5 భాగాల లాభం పోతుంది. మిగులు 4.4 నుంచి 2.9 అవుతుంది. ఇది కూడా తక్కువ నష్టమేమీ కాదు, మూడో వంతు. కానీ దుకాణం మూతపడేంత నష్టం కాదు. రెండు వారాల బిల్లులు ఏడాది మొత్తానికి సరిపోతాయని మాత్రం అనుకోవద్దు. వర్షాల్లో పైపుల బిల్లులు పెరుగుతాయి, ఇళ్లకు రంగులు వేసే నెలల్లో మొత్తం లెక్కే మారిపోతుంది. ఆ కాలాల్లో మళ్లీ తీయండి.

పెద్దాయన విషయంలో మీ ప్రశ్న సరైనది. ఆయన నైపుణ్యం బలం, అది ఒక్కరి తలలోనే ఉండడం బలహీనత, వెలుగుకొట్టు గారికి జరిగినట్లు ఆయనను ఎవరైనా తీసుకుపోవడం ముప్పు. ఒకే మనిషి మూడు గళ్లలో కనిపిస్తే, అది మీ రాతలో తప్పు కాదు, ఆ విషయం అంత ముఖ్యమని అర్థం.

అరువు విషయంలో మాత్రం ఎక్కువ జాగ్రత్త అవసరం. అరువు అమ్మకం ఎంత? ఎన్ని రోజులకు వసూలవుతుంది?

రెండోతరం

నూటికి 40 భాగాలు అరువే. సగటున 50 రోజులకు వసూలవుతుంది. మేము సరఫరాదారులకు 30 రోజుల్లో కట్టాలి. సూపర్‌మార్కెట్ ఎవరికీ అరువు ఇవ్వదు కనుక ఇది మా పెద్ద బలమని నాన్నగారి అభిప్రాయం.

పాతలెక్క

నాన్నగారి మాట సగం వరకు నిజం. నెలకు 40 భాగాల అరువు 50 రోజులు బయట ఉంటే, ఏ రోజు చూసినా సుమారు 67 భాగాలు, అంటే నెల అమ్మకంలో మూడింట రెండు వంతులు, ఇతరుల దగ్గర ఉన్నట్లు. మీరు 30 రోజుల్లో కడుతున్నారు, 50 రోజులకు తీసుకుంటున్నారు. ఈ ఇరవై రోజుల తేడాను ఇన్నాళ్లూ పూడుస్తున్నది గల్లాలో పడే రొక్కం. సూపర్‌మార్కెట్ లాక్కునే 5 భాగాలు దాదాపు మొత్తం రొక్కమే.

ఈ స్థితిలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రొక్కం అమ్మకం తగ్గగానే, దాన్ని భర్తీ చేయడానికి కొత్త కాంట్రాక్టర్లకు అరువు ఖాతాలు తెరుస్తారు. 5 భాగాల పైపులు, రంగులు అదనంగా అరువుకు అమ్మారనుకుందాం. సగటున 15 శాతం లాభమనుకుంటే మీకు వచ్చేది 0.75 భాగాలు, పోయిన 1.5లో సగం. దానికి తోడు 8 భాగాలకు పైగా సొమ్ము కొత్తగా బయట చిక్కుకుంటుంది. నెల చివర అమ్మకం మళ్లీ వందే కనిపిస్తుంది, అంతా కుదుటపడిందనుకుంటారు. సరఫరాదారుకు కట్టవలసిన రోజున గల్లా తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది. సరఫరాదారుకు కట్టడం వారం వారం వెనక్కి జరుగుతుంటే, అమ్మకం మాత్రం తగ్గకపోతే, మీరు ఈ గుంటలో ఉన్నారని గుర్తు.

చౌకబేరం

మరి అరువు పూర్తిగా ఆపేయమంటారా? అలా చేస్తే కాంట్రాక్టర్లూ పోతారు, సూపర్‌మార్కెట్ దెబ్బకంటే అదే పెద్దదవుతుంది.

పాతలెక్క

ఆపమనలేదు. ఉన్న ఖాతాలకు హద్దు పెట్టి, 50 రోజులను 40కి తేగలిగితే, బయట ఉన్న 67 భాగాలు 53కు తగ్గుతాయి. ఒక్కసారిగా 13, 14 భాగాల సొమ్ము చేతికి వస్తుంది. ఆ సొమ్ముతో నీటిగొట్టం గారు అడిగిన మోచేతి అతుకులు నింపవచ్చు. 1982లో హైంజ్ వైహ్రిక్ ఈ గళ్లను విడిగా వదిలేయకుండా జతలుగా కలపాలని, ఈ బలంతో ఆ ముప్పును ఎలా ఎదుర్కోవాలి అని అడగాలని రాశాడు. ఇక్కడ నేను చేసింది అదే: అరువు అనే బలహీనతను తగ్గించి, అన్ని రకాల సరుకు అనే బలాన్ని పెంచడం.

వెలుగుకొట్టు

సూపర్‌మార్కెట్‌కు వచ్చే జనం మీ ముందు నుంచి వెళతారు కదా, దాన్ని అవకాశంగా ఎవరూ చెప్పలేదేమిటి? మాకు కొంత కలిసొచ్చింది.

పాతలెక్క

వెళతారో లేదో తెలియకుండా రాయకూడదనే నేను ఆ మాట ఎత్తలేదు. వాహనంలో వచ్చి, వాళ్ల ఆవరణలోనే నిలిపి, అటే వెళ్లిపోయేవారు ఈ దుకాణానికి ఎంత దగ్గరగా వచ్చినా లాభం లేదు. ఇప్పుడే ఒక వారం సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు గుమ్మం ముందు నడిచిపోయేవారిని, లోపలికి వచ్చేవారిని లెక్కపెట్టి ఉంచుకోండి. అది తెరిచిన నెల తరువాత అదే గంట మళ్లీ లెక్కపెట్టండి. పెరిగితే అవకాశమని రాయండి.

వెలుగుకొట్టు

అది తెరిచిన తరువాత తెలిసేదానికి ముందు నుంచి సిద్ధం కాకపోతే ఎలా? నేనైతే గుమ్మం పక్క అర ఖాళీ చేసి, విడి మరలు, బందులు బయటికి కనిపించేలా ఇప్పుడే పెడతాను. వాళ్లు ఎలాగూ ప్యాకెట్లే అమ్ముతారు, నాలుగు మరలు కావాలన్నవాడికి యాభై మరల ప్యాకెట్టు అక్కరలేదు.

రెండోతరం

విడి మరల అర గుమ్మం పక్కకు జరుపుతున్నాను. లాభం 40 శాతం ఉన్న గుంపు ఇన్నేళ్లూ వెనుక గోడకు ఉండేది. బకెట్లు, చీపురు కర్రలు ఆక్రమించుకున్న చోటు దానికి ఇస్తాను. బకెట్లు పూర్తిగా మానేయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. నాన్నగారు ససేమిరా ఒప్పుకోవడం లేదు.

నిన్నటి నుంచి పెద్దాయన పక్కన ఒక కుర్రాడిని కూర్చోబెట్టాను. అతుకుల సొరుగులన్నిటికీ ముందు వైపు ఒక్కొక్క నమూనా కట్టి, దాని కొలత, పాత పేరు రాయించడం మొదలుపెట్టాం. రెండు రోజుల్లో ముప్పై సొరుగులు అయ్యాయి, ఇంకా నూట పది ఉన్నాయి. పెద్దాయన జీతం గురించి కూడా మాట్లాడాను. వారం సెలవు కావాలని ఆయన ఎప్పుడో అడిగారట, నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం విషయం మాత్రం తెగడం లేదు. మేము ఎనిమిదికి మూస్తాం, వాళ్లు పదికి మూస్తారట. ఆరు తరువాత వచ్చే ఆ 29 బిల్లుల కోసం తొమ్మిది దాకా తెరిస్తే ఒక మనిషి అదనపు జీతం పడుతుంది, అది దాదాపు అర భాగం. తెరవకపోతే ఎంత పోతుందో చెప్పే మార్గం నాకు దొరకలేదు.

నీటిగొట్టం

సాయంత్రం సంగతి నాకు తెలియదు కానీ, పొద్దున ఏడుకే తెరిస్తే మాలాంటి వాళ్లం పనికి వెళ్లే ముందే వస్తాం. ఆ వేళకు సూపర్‌మార్కెట్ తెరిచి ఉండదు. మీరు ఎన్నింటికి తెరుస్తారో మీ కాగితంలో ఎక్కడా రాయలేదు.

రెండోతరం

తొమ్మిదిన్నరకు.